యూపీఐ పీపీటీలో ఎగిరే నాణెం: స్లైడ్ మీద ఏది కదలాలి, ఏది కదలకూడదు?

"నా ఖాతాలో డబ్బు కట్ అయింది, అవతలి వాళ్లకు మాత్రం పడలేదు." యూపీఐ వాడే ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు వినబడే మాట ఇది. ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పడానికి బ్యాంకు సిబ్బంది శిక్షణల్లో, కాలేజీ సెమినార్లలో, డిజిటల్ చెల్లింపుల అవగాహన సదస్సుల్లో పీపీటీలు వేస్తుంటారు. ఈ తరహా పీపీటీలో తరచూ కనిపించే స్లైడ్ ఒకటుంది. ఎడమ పక్కన ఒక ఫోన్, కుడి పక్కన మరో ఫోన్. క్లిక్ చేయగానే బంగారు రంగు నాణెం ఒకటి గిరగిరా తిరుగుతూ ఈ ఫోన్ లోంచి లేచి ఆ ఫోన్లో పడుతుంది. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఆ స్లైడ్ చూసినవాళ్లకు పై ప్రశ్నకు జవాబు దొరకదు సరికదా, తప్పు జవాబు దొరుకుతుంది. నాణెం ఇక్కడ బయల్దేరి అక్కడికి చేరలేదంటే దారిలో ఎక్కడో చిక్కుకుందనే కదా ఎవరైనా అనుకునేది? నిజానికి ఆ దారిలో డబ్బు ఉండదు.

యానిమేషన్ తక్కువగా వాడండి అనే సలహా అందరూ ఇస్తారు. సాధారణంగా దాన్ని అందచందాల సంగతిగా, హుందాతనం సంగతిగా చెబుతారు. అంతకన్నా పెద్ద కారణం వేరే ఉంది. తెర మీద కదిలే ప్రతి వస్తువూ ప్రేక్షకుడికి ఏదో ఒక సంగతి చెబుతూనే ఉంటుంది. మనం చెప్పదలచుకోనిది కూడా చెప్పేస్తుంది. యూపీఐ చెల్లింపునే ఉదాహరణగా పెట్టుకుని ఇది ఎలా జరుగుతుందో చూద్దాం.

## యానిమేషన్ వేరు, ట్రాన్సిషన్ వేరు

ఈ రెండు మాటలను కలిపి వాడేస్తుంటాం. ఒకే స్లైడ్ లోపల ఒక బొమ్మో, బాణమో, వాక్యమో కనిపించడం, మాయమవడం, రంగు మారడం, చోటు మారడం యానిమేషన్. ఒక స్లైడ్ పోయి ఇంకో స్లైడ్ వచ్చేటప్పుడు కనిపించే మార్పు ట్రాన్సిషన్. పవర్‌పాయింట్‌లో యానిమేషన్లు నాలుగు రకాలు. వస్తువు రావడానికి `Entrance`, ఉన్నదాన్ని ఎత్తి చూపడానికి `Emphasis`, పోవడానికి `Exit`, ఒక దారిలో నడిపించడానికి `Motion Paths`.

ఇవి ఎప్పుడు మొదలవ్వాలన్నదానికి మూడు అవకాశాలున్నాయి: క్లిక్ చేసినప్పుడు `On Click`, ముందున్నదానితో కలిసి `With Previous`, ముందున్నది పూర్తయ్యాక `After Previous`. చాలామంది వీటిని సౌకర్యం కోసం పెట్టుకునే సెట్టింగులుగానే చూస్తారు. ఒక ప్రక్రియను వివరించే స్లైడ్‌లో మాత్రం ఇవి కాలం గురించి మనం చేసే ప్రకటనలు. రెండు బాణాలను `With Previous`గా పెడితే "ఈ రెండు పనులూ ఒకేసారి జరుగుతాయి" అని చెప్పినట్టే. `After Previous` పెడితే "ఇది పూర్తయింది కాబట్టి అది మొదలైంది" అని చెప్పినట్టే. అది నిజమో కాదో చూసుకోకుండా పెట్టేస్తే స్లైడ్ అబద్ధం చెబుతుంది, నోటితో మనం చెప్పే మాట దాన్ని సరిదిద్దలేదు.

## కన్ను కదలిక వెంటే ఎందుకు పోతుంది?

నిశ్చలంగా ఉన్న దృశ్యంలో ఏదైనా కదిలితే చూపు అటే పోతుంది. అది మన ఇష్టాయిష్టాలతో సంబంధం లేకుండా జరిగే పని. మాట్లాడేవాడికి ఇది వరమూ అవుతుంది, శాపమూ అవుతుంది. హాల్లో రెండు వందల మంది ఉన్నా అందరి చూపునూ ఒకే క్షణంలో ఒకే బాణం మీదకు తేవచ్చు. అదే సమయంలో స్లైడ్ మూలలో సంస్థ లోగో మెల్లగా తిరుగుతుంటే, ఆ రెండు వందల మంది చూపులో కొంత వాటా అది నిమిషనిమిషానికీ లాక్కుంటూనే ఉంటుంది.

కదలిక అస్సలు లేకపోతే వచ్చే చిక్కు కూడా ఉంది. 1997లో రొనాల్డ్ రెన్సింక్, కెవిన్ ఓరీగన్, జేమ్స్ క్లార్క్ చేసిన ప్రయోగాలు ఈ రంగంలో ప్రసిద్ధం. దాదాపు ఒకేలా ఉన్న రెండు ఫొటోలను ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూ, మధ్యలో రెప్పపాటు ఖాళీ తెర పెట్టారు. ఫొటోలో కొట్టొచ్చినట్టుండే తేడాను కూడా పట్టుకోవడానికి చూసేవాళ్లు చాలాసేపు తడుముకున్నారు. మధ్యలో ఖాళీ లేకపోతే అదే తేడా ఇట్టే కనిపించింది, ఎందుకంటే మార్పు జరిగిన చోట ఒక చిన్న కదలిక పుట్టి చూపును అటు లాగుతుంది. ఖాళీ తెర ఆ సంకేతాన్ని చెరిపేస్తుంది.

పీపీటీకి దీన్ని అన్వయిస్తే రెండు సంగతులు తేలతాయి. రెండు స్లైడ్లు దాదాపు ఒకేలా ఉండి ఒక అంకె మాత్రమే మారినప్పుడు, మధ్యలో పేజీ తిప్పినట్టో, తలుపులు తెరిచినట్టో భారీ ట్రాన్సిషన్ వేస్తే ఆ మార్పు ఎవరి కంటికీ ఆనదు. తెరంతా కదిలింది కాబట్టి అంకె కదలిక అందులో కలిసిపోయింది. రెండోది, కదలికను పూర్తిగా నిషేధించడం కూడా మందు కాదు. మారినదాన్ని మాత్రమే కదిలిస్తే ప్రేక్షకుడికి వెతుకులాట తప్పుతుంది.

## ముందు ప్రక్రియ తెలియాలి: ₹500 పంపితే లోపల ఏం జరుగుతుంది?

స్లైడ్ గీసే ముందు అసలు పని ఎలా జరుగుతుందో కాగితం మీద రాసుకోవాలి. సరోజ అనే ఆవిడ తమ్ముడు రమేశ్‌కు యూపీఐలో ₹500 పంపిందనుకుందాం. సరోజ ఖాతాలో ₹2,000 ఉన్నాయి, రమేశ్ ఖాతాలో ₹300.

సరోజ తన యాప్‌లో రమేశ్ యూపీఐ ఐడీ ఎంచుకుని పిన్ కొడుతుంది. ఆ అభ్యర్థన, గుప్తరూపంలోకి మారిన పిన్‌తో సహా, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు, అంటే ఎన్‌పీసీఐకి చేరుతుంది. ఈ ఐడీ వెనక ఉన్న ఖాతా ఏదని ఎన్‌పీసీఐ రమేశ్ యాప్ వైపు అడిగి తెలుసుకుంటుంది. తర్వాత సరోజ బ్యాంకుకు "₹500 డెబిట్ చెయ్" అని సందేశం పంపుతుంది. ఆ బ్యాంకు పిన్ సరిచూసి, నిల్వ చూసి, ఖాతాలో ₹500 తగ్గించి "అయింది" అంటుంది. ఆ జవాబు వచ్చాకే ఎన్‌పీసీఐ రమేశ్ బ్యాంకుకు "₹500 క్రెడిట్ చెయ్" అని వేరే సందేశం పంపుతుంది. అదీ "అయింది" అన్నాక రెండు యాప్‌లకూ ఖబురు వెళుతుంది. యాప్‌ల వెనక ఉండి వాటిని యూపీఐకి కలిపే పీఎస్పీ బ్యాంకుల పాత్రను ఇక్కడ యాప్‌లోనే కలిపేశాను. బ్యాంకు సాంకేతిక సిబ్బందికి చెప్పే స్లైడ్ అయితే వాటిని విడిగా చూపాల్సిందే, మిగతావాళ్లకు అక్కర్లేదు.

గమనించారా, ఇందులో డబ్బు ఎక్కడా ప్రయాణించలేదు. ప్రయాణించినవన్నీ సందేశాలే. ఒక బ్యాంకు పుస్తకంలో అంకె తగ్గింది, ఇంకో బ్యాంకు పుస్తకంలో అంకె పెరిగింది. మరి బ్యాంకుల మధ్య లెక్క? పక్కపక్క ఊళ్లలోని ఇద్దరు కిరాణా వ్యాపారులు రోజంతా ఒకరి మనుషులకు ఇంకొకరు సరుకిచ్చి రాసుకుని, తర్వాత కూర్చుని తేడా సొమ్ము మాత్రం ఇచ్చిపుచ్చుకున్నట్టు, బ్యాంకులు కూడా ఎన్నో లావాదేవీలను కలిపి నికరంగా ఎవరు ఎవరికి ఎంతివ్వాలో తేల్చుకుంటాయి. ఆ పరిష్కారం రోజులో కొన్ని దఫాలుగా రిజర్వ్ బ్యాంకు దగ్గర జరుగుతుంది. సరోజ, రమేశ్‌లకు దానితో పని లేదు.

ఇప్పుడు ఎగిరే నాణెం దగ్గరికి మళ్లీ వద్దాం. అది రెండు తప్పులు చెబుతోంది. డబ్బు దారిలో నడుస్తుందన్నది మొదటిది. డెబిట్, క్రెడిట్ ఒకే కదలికకు రెండు కొసలన్నది రెండోది. నిజంలో అవి రెండు వేర్వేరు ఆదేశాలు, మొదటిది నెరవేరి రెండోది నెరవేరకపోవచ్చు. మొదట్లో విన్న ఫిర్యాదుకు మూలమంతా ఆ రెంటి మధ్యనున్న ఖాళీలోనే ఉంది. నాణెం సరిగ్గా ఆ ఖాళీనే మాయం చేసింది.

## ఆ ప్రక్రియను స్లైడ్‌గా మారిస్తే

స్లైడ్ మీద ఐదు డబ్బాలు: ఎడమన సరోజ యాప్, దాని కింద సరోజ బ్యాంకు, మధ్యలో ఎన్‌పీసీఐ, కుడివైపు రమేశ్ యాప్, దాని కింద రమేశ్ బ్యాంకు. బ్యాంకు డబ్బాల్లో ఖాతా నిల్వలు, ఇక్కడ 2,000, అక్కడ 300. ఇవన్నీ స్లైడ్ తెరుచుకోగానే కనబడాలి, లేత రంగులో, కదలకుండా. డబ్బాలను ఒక్కొక్కటిగా ఎగరేసుకుంటూ తెచ్చే అలవాటు చాలామందికి ఉంది. కానీ ఎన్‌పీసీఐ, బ్యాంకులు ఈ లావాదేవీలో కొత్తగా పుట్టినవి కావు, మొదట్నుంచీ అక్కడే ఉన్నాయి. డబ్బా ఎగురుతూ వస్తే "ఇప్పుడే వచ్చింది" అని అర్థం. పైగా అసలు బాణాలు మొదలయ్యేసరికే ప్రేక్షకుడు ఐదు కదలికలు చూసి అలసిపోతాడు. కదలిక విలువ సగం అక్కడే కరిగిపోతుంది.

మొదటి క్లిక్‌కు సరోజ యాప్ నుంచి ఎన్‌పీసీఐకి ఒక బాణం గీసుకుంటూ వెళుతుంది. దీనికి `Wipe` అనే ఎఫెక్ట్ సరిపోతుంది, వ్యవధి అర సెకను. ఇక్కడ ఒక చిన్న విషయం దగ్గర చాలా స్లైడ్లు చెడతాయి. `Wipe` దిశ మామూలుగా `From Bottom` అని ఉంటుంది. దాన్ని మార్చకపోతే కుడికి చూస్తున్న బాణం కింది అంచు నుంచి పైకి తెరుచుకుంటుంది. బాణం ఒక దిక్కు చూపిస్తుంది, కదలిక ఇంకో దిక్కు చూపిస్తుంది. సన్నటి బాణంలో ఇది తయారు చేసేవాడికి కనబడదు, పెద్ద తెర మీద ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఏమిటో చెప్పలేం. కుడికి వెళ్లే బాణానికి `From Left`, ఎడమకు వచ్చే జవాబు బాణానికి `From Right` పెట్టాలి. బాణం తోక దగ్గర పుట్టి మొన దగ్గర ఆగాలి, అంతే.

రెండో క్లిక్‌కు ఎన్‌పీసీఐ నుంచి రమేశ్ యాప్‌కు ప్రశ్న, దాని వెంటే జవాబు. ప్రశ్నకు `On Click`, జవాబుకు `After Previous`. అడగ్గానే చెప్పడం సాధారణ సంగతి కాబట్టి ఇక్కడ వక్త ఆగి చెప్పాల్సింది పెద్దగా లేదు.

మూడో క్లిక్ నుంచి అసలు కథ. డెబిట్ ఆదేశం సరోజ బ్యాంకుకు వెళుతుంది. అక్కడ 2,000 మసకబారి 1,500 కనిపిస్తుంది. మామూలు `Fade` చాలు, అంకె గిర్రున తిరగక్కర్లేదు. "అయింది" అనే బాణం వెనక్కి వస్తుంది. ఈ క్షణంలో స్లైడ్ ఆగిపోవాలి. ఇటు 1,500, అటు ఇంకా 300. వక్త ఇక్కడ నోరు విప్పి "ఇప్పుడు ₹500 ఎక్కడున్నాయి?" అని అడగవచ్చు. నాణెం ఉన్న స్లైడ్‌లో ఈ ప్రశ్న అడగడానికి చోటే లేదు. నాలుగో క్లిక్‌కు క్రెడిట్ ఆదేశం, 300 పోయి 800, జవాబు. ఐదో క్లిక్‌కు రెండు యాప్‌లకూ ఖబురు. ఆ రెండు బాణాల్లో మొదటిదానికి `On Click`, రెండోదానికి `With Previous` పెడితే కలిసి వెళతాయి, ఒకదాని కోసం ఇంకొకటి ఆగదు కాబట్టి.

దాటిపోయిన బాణాలను ఏం చేయాలన్నది కూడా ఆలోచించాలి. అన్నీ ముదురు రంగులోనే ఉంచేస్తే చివరికి సాలెగూడు అవుతుంది. పూర్తిగా మాయం చేస్తే, ఒక్క క్షణం తల దించి నోట్సు రాసుకున్నవాడికి ఏం జరిగిందో తెలియదు. పాతవాటిని లేత బూడిద రంగులోకి దించి వాటి మీద 1, 2, 3 అంకెలు ఉంచితే ఆలస్యంగా తలెత్తినవాడు కూడా దారి పట్టుకోగలడు. నా లెక్కలో ఈ లేత బాణాలే మొత్తం స్లైడ్‌లో ముఖ్యమైనవి. యానిమేషన్‌కు ఉన్న పెద్ద లోపం అది గడిచిపోవడం, ఆ లోపాన్ని ఇవి పూడుస్తాయి.

## చెడిపోయిన లావాదేవీ: కదలిక ఆగడమే సమాచారం

ఇప్పుడు అదే స్లైడ్‌ను కాపీ చేసి నాలుగో అడుగు మార్చాలి. ఇక్కడ రెండు వేర్వేరు సందర్భాలున్నాయి, వాటిని కలిపి చూపడం వల్లే గందరగోళం పుడుతుంది.

ఒకటి, రమేశ్ బ్యాంకు స్పష్టంగా "కుదరదు" అనడం. ఖాతా మూసేసి ఉండవచ్చు, స్తంభింపజేసి ఉండవచ్చు. అప్పుడు ఎన్‌పీసీఐకి విషయం తెలుసు కాబట్టి సరోజ బ్యాంకుకు "తిరిగి వేసెయ్" అని చెబుతుంది, 1,500 మళ్లీ 2,000 అవుతుంది. స్లైడ్‌లో క్రెడిట్ బాణం వెళ్లడం, ఎర్ర బాణం వెనక్కి రావడం, అక్కణ్నుంచి సరోజ బ్యాంకుకు ఇంకో బాణం, అంకె మారడం. అన్నీ కదలికలే, ఇబ్బంది లేదు.

రెండోది, రమేశ్ బ్యాంకు నుంచి ఏ జవాబూ రాకపోవడం. సర్వర్ మీద భారం కావచ్చు, లింకు తెగి ఉండవచ్చు. అప్పుడు ఎన్‌పీసీఐకి తెలియనిది ఒకటుంది: డబ్బు రమేశ్ ఖాతాలో పడి, "అయింది" అన్న జవాబు మాత్రమే దారిలో పోయిందా, లేక డబ్బే పడలేదా? ఇది తేలకుండా సరోజకు ₹500 వెనక్కి వేస్తే, రమేశ్‌కు కూడా పడి ఉంటే, ఒకే సొమ్ము ఇద్దరి దగ్గరా ఉంటుంది. అందుకే వెంటనే వెనక్కి వేయరు. రమేశ్ బ్యాంకు తన పుస్తకం సరిచూసుకుని, పడనిదైతే వేయాలి, వేయలేకపోతే తిప్పి పంపాలి. 2019 సెప్టెంబరులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మనిషి నుంచి మనిషికి పంపిన యూపీఐ సొమ్ము విషయంలో ఇది లావాదేవీ జరిగిన మర్నాటిలోగా జరగాలి. దాటితే రోజుకు ₹100 చొప్పున పరిహారం. దుకాణదారుకు చెల్లించినప్పుడు ఖబురు అందకపోతే గడువు ఐదు రోజులు.

ఈ "జవాబు రాకపోవడాన్ని" తెర మీద ఎలా చూపాలి? చాలామంది ఇక్కడ గిరగిరా తిరిగే చక్రమో, టపటపా మెరిసే ఎర్రటి ఇంటూ మార్కో పెడతారు. ఇంటూ మార్కు తప్పు, ఎందుకంటే విఫలమైందని ఇంకా ఎవరికీ తెలియదు. చక్రం తిరుగుతున్నంతసేపూ ఎక్కడో పని నడుస్తోందన్న భ్రమ కలుగుతుంది. ఇక్కడ సరైన యానిమేషన్ ఏమీ లేకపోవడమే. క్రెడిట్ బాణం వెళుతుంది, రమేశ్ బ్యాంకు దగ్గర ఆగుతుంది. అంతకుముందు ప్రతి ప్రశ్న వెంటా అర సెకనులో జవాబు బాణం తిరిగొచ్చింది, ప్రేక్షకుడి కన్ను దానికి అలవాటు పడింది. ఈసారి రాలేదు. ఆ రాకపోవడం అందరికీ తెలుస్తుంది. వక్త కూడా రెండు మూడు సెకన్లు మాట్లాడకుండా ఉంటే సరిపోతుంది. ఆ తర్వాతి క్లిక్‌కు రమేశ్ బ్యాంకు డబ్బా పక్కన "పడిందా? పడలేదా?" అన్న మాటలు వస్తాయి.

అయితే ఈ నిశ్శబ్దం పనిచేయాలంటే అంతకుముందు స్లైడ్ అదుపులో ఉండి ఉండాలి. లోగో తిరుగుతూ, శీర్షిక ఊగుతూ, డబ్బాలు మెరుస్తూ ఉన్న చోట ఒక బాణం రాకపోతే ఎవరికి తెలుస్తుంది?

## పరిశోధకుల మధ్య వాదం ఎక్కడుంది?

యానిమేషన్ వల్ల నిజంగా బాగా అర్థమవుతుందా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. బార్బరా ట్వెర్‌స్కీ, జూలీ మోరిసన్, మిరెయ్ బెట్రాన్‌కూర్ 2002లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను తిరగేసి ఒక ఇబ్బందికరమైన సంగతి చెప్పారు. యానిమేషన్ గెలిచిందన్న చాలా పోలికల్లో యానిమేషన్‌లో ఉన్న సమాచారం నిశ్చల చిత్రంలో లేదు. అంటే గెలిచింది కదలిక కాదు, అదనపు సమాచారం. వాళ్లు రెండు షరతులు పెట్టారు. బొమ్మలోని కదలిక అసలు విషయంలోని మార్పుతో పొంతన కలిగి ఉండాలి. చూసేవాడు పట్టుకోగలిగినంత నెమ్మదిగా, స్పష్టంగా ఉండాలి. మన నాణెం మొదటి షరతు దగ్గరే తప్పింది.

2005లో రిచర్డ్ మేయర్, ఆయన సహచరులు మెరుపు పుట్టుక, టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు, సముద్రపు అలలు, కారు బ్రేకులు అనే నాలుగు విషయాలను తీసుకుని, మాటలతో కూడిన యానిమేషన్‌ను కాగితం మీది బొమ్మలూ వివరణలతో పోల్చారు. కాగితం చదివినవాళ్లు యానిమేషన్ చూసినవాళ్లకు తీసిపోలేదు, కొన్ని పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు. నిశ్చల చిత్రాల మధ్య కదలికను మనసే ఊహించుకోవాల్సి రావడం, తన వేగంతో చూసుకోగలగడం దీనికి కారణాలని వాళ్ల వాదన.

అవతలి పక్షానికీ బలమైన ఆధారం ఉంది. టిమ్ హోఫ్లర్, డెట్లెవ్ లోయిట్నర్ 2007లో 26 అధ్యయనాల్లోని 76 పోలికలను కలిపి లెక్కిస్తే సగటున యానిమేషన్ వైపే మొగ్గు వచ్చింది, మరీ పెద్దది కాకపోయినా. ముఖ్యంగా, నేర్చుకోవాల్సిన విషయమే కదలికలో ఉన్నప్పుడు లాభం ఎక్కువ, అలంకారం కోసం పెట్టినప్పుడు తక్కువ. చేతులతో చేసే పనులు నేర్చుకోవడంలో ఈ లాభం మరింత స్పష్టంగా కనిపించింది. ముడి వేయడం చూసి నేర్చుకోవడానికీ, యూపీఐ సందేశాల వరుస నేర్చుకోవడానికీ తేడా ఉందన్నమాట.

నా ఉద్దేశంలో ఈ రెండు పక్షాలూ పైకి కనిపించినంత దూరంలో లేవు. ఎవరి చేతిలో వేగం ఉందన్నదే అసలు కీలకం. మేయర్, పాల్ చాండ్లర్ 2001లో చేసిన ప్రయోగంలో మెరుపు ఎలా పుడుతుందో చెప్పే 140 సెకన్ల యానిమేషన్‌ను 16 ముక్కలు చేసి, ఒక్కో ముక్క తర్వాత బటన్ నొక్కితేనే ముందుకు సాగేలా పెట్టారు. ఆపుకుంటూ చూసినవాళ్లు, ఆగకుండా చూసినవాళ్లకంటే కొత్త సమస్యలకు జవాబులు బాగా చెప్పగలిగారు. మన స్లైడ్‌లో ముఖ్యమైన అడుగులన్నిటికీ `On Click` పెట్టడానికి వెనకున్న తర్కం ఇదే. కాకపోతే సభలో ఆ బటన్ ప్రేక్షకుడి చేతిలో కాకుండా వక్త చేతిలో ఉంటుంది. అందువల్ల ఆ ఫలితాన్ని యథాతథంగా సభకు వర్తింపజేయలేం. వక్త ముఖాలు చూసి క్లిక్ చేస్తే కొంతవరకు వర్తిస్తుంది, టైమ్ అయిపోతోందన్న టెన్షన్‌లో టకటకా నొక్కేస్తే అస్సలు వర్తించదు.

## స్లైడ్ మారేటప్పుడు

ట్రాన్సిషన్ల గురించి చెప్పాల్సింది తక్కువే. విషయం మారినప్పుడు మామూలు కట్ లేదా చిన్న `Fade`. అన్ని స్లైడ్లకూ ఒకటే. రకరకాలుగా పెడితే ప్రేక్షకుడు తర్వాత ఏ విషయం వస్తుందా అని కాక, తర్వాత ఏ ఎఫెక్ట్ వస్తుందా అని చూస్తాడు.

దీనికి మినహాయింపు, ఒకే బొమ్మలో ఒక భాగాన్ని దగ్గరగా చూపాల్సి వచ్చినప్పుడు. ఐదు డబ్బాల బొమ్మలోంచి రమేశ్ బ్యాంకు లోపలికి వెళ్లి దాని పుస్తకం చూపాలనుకోండి. కట్ చేస్తే "ఈ పెద్ద డబ్బా ఏది?" అని వెతుక్కోవాలి. అదే డబ్బా పెరుగుతూ తెర నిండా పరుచుకుంటే ఆ ప్రశ్న రాదు. పవర్‌పాయింట్‌లో `Morph`, కీనోట్‌లో `Magic Move` చేసేది ఇదే: రెండు స్లైడ్లలోని ఒకే వస్తువును గుర్తుపట్టి దాని చోటు, పరిమాణం మెల్లగా మారుస్తాయి. ఒక్కోసారి `Morph` పొరబడి ఒక డబ్బాను ఇంకో డబ్బాగా మార్చేస్తుంది. అప్పుడు `Selection Pane`లో ఆ వస్తువు పేరును రెండు స్లైడ్లలోనూ రెండు ఆశ్చర్యార్థకాలతో మొదలుపెట్టి ఒకేలా రాయాలి:

```
!!RameshBank
```

అప్పుడు రెండూ ఒకటేనని సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది. `Morph` లేని పాత వెర్షన్లలో తెరిస్తే అది మామూలు `Fade`గా కనిపిస్తుంది. కాబట్టి వేరేవాళ్ల ల్యాప్‌టాప్‌లో చూపించే స్లైడ్‌లో అర్థమంతా దాని మీదే ఆధారపడకుండా చూసుకోవాలి.

## తెర దాటాక ఏమవుతుంది?

ఆన్‌లైన్ మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేసినప్పుడు అవతలివైపు కదలిక సాఫీగా వెళ్లదు. నెట్ సరిగా లేకపోతే అర సెకను `Wipe` ఒకే గంతులో అయిపోతుంది, బాణం దిశ తెలియదు. అందుకే బాణానికి మొన, మీద క్రమసంఖ్య ఉండాలి. కదలిక అందకపోయినా బొమ్మ అర్థమవుతుంది.

చూసేవాళ్లందరి శరీరాలూ ఒకలా ఉండవు. లోపలి చెవికి సంబంధించిన సమతుల్యత సమస్యలున్నవాళ్లకు తెరంతా జూమ్ అవడం, తిరగడం వల్ల తల తిరుగుతుంది, వికారం వస్తుంది. ఫోన్లలో, కంప్యూటర్లలో కదలిక తగ్గించే సెట్టింగు ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. మెరుపులు ఇంకా ప్రమాదకరం, కొందరిలో మూర్ఛ తెప్పించగలవు. సెకనుకు మూడుసార్లకు మించి ఏదీ మెరవకూడదని వెబ్ కోసం ఉన్న అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. మన ఐదు డబ్బాల స్లైడ్‌కు ఈ చిక్కులేవీ లేవు, అందులో కదిలేది చిన్న బాణం, మారేది ఒక అంకె.

చివరిగా పీడీఎఫ్. సభ అయ్యాక "ఆ పీపీటీ పంపండి సార్" అంటారు, వాట్సాప్‌లో పీడీఎఫ్ వెళుతుంది. పీడీఎఫ్‌లో యానిమేషన్ ఉండదు. వచ్చినవి, పోవాల్సినవి అన్నీ ఒకేసారి ఒకదాని మీద ఒకటి పడతాయి. మన స్లైడ్‌లో 2,000 మీద 1,500 అచ్చై అది ఏ అంకో తెలియకుండా పోతుంది. అందుకని పంపడానికి వేరే కాపీ చేసుకుని, ఐదు క్లిక్‌లనూ ఐదు నిశ్చల స్లైడ్లుగా విడగొట్టడం మంచిది. ఒక్కోదాంట్లో ఆ క్లిక్‌కు చెందిన బాణాలు ముదురుగా, పాతవి లేతగా. జవాబు రాని సందర్భానికి ఆరో స్లైడ్. అందులో మాత్రం నిశ్శబ్దం పనిచేయదు, చదివేవాడు పేజీ తిప్పేస్తాడు. కాబట్టి రమేశ్ బ్యాంకు నుంచి వెనక్కి రావాల్సిన బాణం చోట చుక్కల గీత గీసి, దాని పక్కన "జవాబు రాలేదు" అని మాటల్లోనే రాయాలి.